బెంజాల్డిహైడ్‌తో కానిజారో చర్య సరిగా రాకపోతే లోపం ఎక్కడ?

బెంజాల్డిహైడ్‌ను గాఢ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో బాగా కుదిపి ఒక రాత్రి ఉంచితే, పొద్దున్నకి సీసాలో గట్టిపడిన తెల్లటి ముద్ద కనబడాలి. సగం ఆల్డిహైడ్ బెంజైల్ ఆల్కహాల్‌గా, మిగతా సగం పొటాషియం బెంజోయేట్‌గా మారి ఉంటుంది. ఒకే పదార్థంలో సగం క్షయకరణం చెందుతుంది, సగం ఆక్సీకరణం చెందుతుంది. అందుకే దీన్ని అననుపాత చర్య అంటారు. స్టానిస్లావో కానిజారో 1853లో పొటాష్‌తో చూపించింది ఇదే.

పద్ధతి చిన్నదే అయినా తప్పులు జరిగే చోట్లు చాలా ఉన్నాయి. వాటిని గుర్తుపట్టాలంటే ముందు ఒక్క విషయం మనసులో ఉండాలి: ఏ హైడ్రోజన్ కదిలింది, ఎలా కదిలింది?

క్షారంలో ఆల్డిహైడ్‌లకు జరిగే ఇంకో చర్య ఆల్డాల్. అందులో కదిలేది ఆల్ఫా హైడ్రోజన్, అంటే CHO పక్క కార్బన్ మీద ఉన్నది. హైడ్రాక్సైడ్ దాన్ని ప్రోటాన్‌గా లాక్కుంటుంది, ఎలక్ట్రాన్ జంట కార్బన్ దగ్గరే ఉండిపోతుంది. ఆ కార్బన్ వెళ్లి ఇంకో ఆల్డిహైడ్‌ను పట్టుకుంటుంది, కొత్త కార్బన్-కార్బన్ బంధం వస్తుంది. చివరికి హైడ్రాక్సైడ్ తిరిగి బయటపడుతుంది కాబట్టి కొంచెం క్షారం, అదీ విలీనంగా ఉన్నది సరిపోతుంది.

బెంజాల్డిహైడ్‌లో CHO పక్కన ఉన్నది బెంజీన్ వలయపు కార్బన్. దాని మీద హైడ్రోజన్ లేదు. లాక్కోవడానికి ఏమీ లేక హైడ్రాక్సైడ్ నేరుగా కార్బొనైల్ కార్బన్‌కే అతుక్కుంటుంది. అలా ఏర్పడిన అయాన్ తన CHO హైడ్రోజన్‌ను ఎలక్ట్రాన్ జంటతో సహా, అంటే హైడ్రైడ్‌గా, పక్కనున్న రెండో ఆల్డిహైడ్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చినది ఆమ్లం అవుతుంది, పుచ్చుకున్నది ఆల్కహాల్ అవుతుంది. భారజలంలో ఈ చర్య జరిపితే ఆల్కహాల్‌లోని కార్బన్ మీద డ్యుటీరియం చేరదు. హైడ్రోజన్ నీటి నుంచి రాలేదని, ఒక అణువు నుంచి ఇంకో అణువుకు నేరుగా దాటిందని తెలిసేది దీంతోనే. ఇక్కడ హైడ్రాక్సైడ్ తిరిగి రాదు. రెండు మోల్‌ల ఆల్డిహైడ్‌కు ఒక మోల్ క్షారం ఖర్చవుతుంది.

లక్షణం: మర్నాటికి కూడా రెండు పొరలు, ఘాటైన బాదం వాసన

చర్య జరగలేదు, లేదా సగంలో ఆగిపోయింది. మొదట అనుమానించాల్సింది క్షారం గాఢత. చర్యకు రెండు ఆల్డిహైడ్ అణువులూ ఒక హైడ్రాక్సైడ్ కలవాలి. క్షారం బాగా గాఢంగా ఉంటే రెండో హైడ్రాక్సైడ్ కూడా పాల్గొని, రెండు ఋణావేశాలున్న అయాన్ ఇంకా తేలిగ్గా హైడ్రైడ్‌ను వదులుతుంది. కాబట్టి గాఢత సగానికి తగ్గితే వేగం సగం కంటే ఎక్కువే పడిపోవచ్చు. ఆల్డాల్‌కు వాడే 10 శాతం క్షారం ఇక్కడ పెద్దగా పనిచేయదు.

10.6 గ్రాముల బెంజాల్డిహైడ్‌కు (0.1 మోల్) 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పలుకులను సుమారు 10 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, చల్లార్చి వాడాలి. కరుగుతున్నప్పుడు బాగా వేడెక్కుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. మామూలుగా దొరికే పలుకుల్లో దాదాపు 15 శాతం నీరే ఉంటుంది. మూత సరిగా పెట్టని డబ్బాలోవైతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కొంత కార్బొనేట్‌గా మారి ఉంటాయి. తూకం సరిగ్గానే ఉన్నా క్షారం తక్కువ పడేది ఇలాగే.

క్షారం బాగుంటే రెండో కారణం కుదపకపోవడం. బెంజాల్డిహైడ్ ఆ ద్రావణంలో కరగదు, పైన తేలుతుంది. పాలలాంటి ఎమల్షన్ వచ్చి, అది విడిపోకుండా నిలిచేదాకా గట్టిగా కుదపాలి. సీసాకు రబ్బరు బిరడా పెట్టండి. గాజు బిరడా పెడితే క్షారం దాన్ని పట్టేస్తుంది, పొద్దున్న ఊడిరాదు.

లక్షణం: పసుపు రంగు, పసుపు పలుకులు

నన్ను మొదట్లో బాగా తికమక పెట్టింది ఇదే. బెంజాల్డిహైడ్‌కు ఆల్ఫా హైడ్రోజన్ లేదు, ఆల్డాల్ జరగదు అని పుస్తకంలో చదువుతాం. కానీ జరగనిది తనతో తనకే. ఆల్ఫా హైడ్రోజన్ ఉన్న ఇంకో కార్బొనైల్ పక్కనుంటే, ఆ హైడ్రోజన్ పోయాక దాని నుంచి మిగిలే ఎనొలేట్ అయాన్‌కు బెంజాల్డిహైడ్ చక్కగా దొరికిపోతుంది. సీసాను అసిటోన్‌తో కడిగి ఆరకముందే వాడితే సరిగ్గా ఇదే అవుతుంది. అసిటోన్ రెండు వైపులా బెంజాల్డిహైడ్‌తో కలిసి డైబెంజాల్ అసిటోన్ ఇస్తుంది. అది పసుపు ఘనపదార్థం, సుమారు 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

కొన్ని చుక్కలే కదా అనుకోవద్దు. ఒక మిల్లీలీటర్ అసిటోన్ అంటే దాదాపు 0.0136 మోల్. అది దీనికి రెట్టింపు బెంజాల్డిహైడ్‌ను, అంటే సుమారు 2.9 గ్రాములను తినేయగలదు. పైగా ఈ చర్యకు విలీన క్షారం కూడా చాలు, కాబట్టి కానిజారో కంటే ముందే నడుస్తుంది. సీసాను నీటితో కడిగి ఓవెన్‌లో ఆరబెట్టడమే మందు. పసుపు వచ్చేసిన ముద్దను బాగు చేయడానికి తంటాలు పడేకంటే మళ్లీ మొదలుపెట్టడం నయం.

లక్షణం: ఆమ్లం ఎక్కువ, ఆల్కహాల్ తక్కువ

చర్య సరిగా జరిగితే రెండూ మోల్‌లలో సమానంగా రావాలి. 0.1 మోల్ ఆల్డిహైడ్ నుంచి ఒక్కొక్కటి 0.05 మోల్‌కు మించి రావడానికి వీల్లేదు. అంటే ఆల్కహాల్ 5.4 గ్రాములు, ఆమ్లం 6.1 గ్రాములు. ఈ పరిమితి దగ్గర పెట్టుకుంటే లోపం ఎక్కడుందో లెక్కే చెబుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 10.6 గ్రాముల పాత బెంజాల్డిహైడ్‌తో చేస్తే 6.6 గ్రాముల ఆరిన బెంజోయిక్ ఆమ్లం, 3.8 గ్రాముల బెంజైల్ ఆల్కహాల్ వచ్చాయనుకుందాం. బైసల్ఫైట్‌తో కడిగినప్పుడు ఏమీ పడలేదు, అంటే ఆల్డిహైడ్ మిగల్లేదు. ఆమ్లం 0.054 మోల్. అది పరిమితి దాటింది, కాబట్టి అంతా కానిజారో నుంచి వచ్చింది కాదు. కొంత ముందే సీసాలో ఉంది. బెంజాల్డిహైడ్ గాలి తగిలితే నెమ్మదిగా బెంజోయిక్ ఆమ్లంగా మారిపోతుంది, పాత సీసా మూత చుట్టూ కనిపించే తెల్లటి పొర అదే.

ఎంత ఉండి ఉండాలి? మొదట్లో ఉన్న ఆమ్లానికి, మిగిలిన ఆల్డిహైడ్‌లో సగాన్ని కలిపితే 0.054 రావాలి. ఆ లెక్క కడితే పాత ఆమ్లం సుమారు 1.2 గ్రాములని తేలుతుంది. అప్పుడు నిజమైన ఆల్డిహైడ్ 9.4 గ్రాములే, దాని నుంచి రావాల్సిన ఆల్కహాల్ 4.8 గ్రాములు. చేతికొచ్చింది 3.8. అంటే లోపం ఒకటి కాదు, రెండు. పాత ఆల్డిహైడ్ ఒకటి, ఒక గ్రాము ఆల్కహాల్ ఎక్కడో పోవడం రెండోది.

రెండోది ఎక్కువగా నీటిలో పోతుంది. బెంజైల్ ఆల్కహాల్ 100 మిల్లీలీటర్ల నీటిలో దాదాపు 4 గ్రాముల దాకా కరుగుతుంది. ముద్దను కరిగించడానికి నీళ్లు ధారాళంగా పోసి, ఈథర్‌తో ఒక్కసారే తీస్తే కొంత వెనకే ఉండిపోతుంది. బెంజోయేట్ కరిగేటంత నీరే పోసి, ఈథర్‌ను మూడు చిన్న భాగాలుగా వాడాలి. ఈథర్ ఉన్న బల్ల మీద మంట ఉండకూడదు. ఆల్డిహైడ్ విషయంలో, వాడేముందు సోడియం కార్బొనేట్ ద్రావణంతో కుదిపి, ఆరబెట్టి, తగ్గించిన పీడనంలో స్వేదనం చేసి వెంటనే వాడాలి.

ఆమ్లం తూచేముందు పూర్తిగా ఆరిందో లేదో చూడండి. తడి ఉంటే ఈ లెక్కంతా తప్పుతుంది. 122 డిగ్రీల దగ్గర చురుగ్గా కరిగితే నమ్మవచ్చు.

లక్షణం: ఆమ్లమే తక్కువ

ఎక్కువసార్లు చర్యలో తప్పుండదు, ఆమ్లీకరణం మధ్యలో ఆపేసి ఉంటారు. బెంజోయిక్ ఆమ్లం pKa 4.2. ద్రావణం pH 5 దగ్గర ఆగితే చాలా భాగం ఇంకా లవణంగా నీటిలోనే ఉంటుంది. మంచు వేసి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలుపుతూ pH 2 దాకా రావాలి.

లక్షణం: ఆల్కహాల్‌కు బాదం వాసన

మిగిలిన బెంజాల్డిహైడ్ ఈథర్‌లో ఆల్కహాల్‌తో పాటే వచ్చింది. ఈథర్ పొరను సంతృప్త సోడియం బైసల్ఫైట్ ద్రావణంతో బాగా కుదపండి. తెల్లటి సంకలన పదార్థం పడుతుంటే ఆల్డిహైడ్ ఉన్నట్టే, అది ఆగేదాకా కొత్త ద్రావణంతో మళ్లీ చేయాలి. తర్వాత సోడియం కార్బొనేట్‌తో, నీటితో కడగాలి. బెంజాల్డిహైడ్ 179, బెంజైల్ ఆల్కహాల్ 205 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి స్వేదనంలో విడిపోతాయిలే అని దీన్ని వదిలేయకండి. ఇంత తక్కువ పరిమాణంలో ఆ తేడా సరిపోదు.

లక్షణం: వేరే ఆల్డిహైడ్‌తో చేస్తే గోధుమ రంగు జిగురు

ఇది ఆల్డాల్ పనే. ఫినైల్ అసిటాల్డిహైడ్‌లో కూడా బెంజీన్ వలయం ఉంది కదా అని కానిజారోకు పెట్టేవాళ్లుంటారు. కానీ అందులో వలయానికీ CHO కీ మధ్య ఒక CH2 ఉంది, ఆల్ఫా హైడ్రోజన్‌లు రెండూ దాని మీదే. అసిటాల్డిహైడ్ కూడా విలీన క్షారంలో ఆల్డాల్ ఇస్తుంది, వేడి చేస్తే నీరు పోయి క్రోటొనాల్డిహైడ్ అవుతుంది. గాఢ క్షారంలో ఇదే ఆగకుండా సాగి, గొలుసు మీద గొలుసు పెరిగి జిగురవుతుంది. గాఢత పెంచినంత మాత్రాన కానిజారో రాదు. ముందు నిర్మాణం గీసి, CHO పక్క కార్బన్ మీద హైడ్రోజన్‌లు లెక్కపెట్టాలి.

ఆ హైడ్రోజన్‌లు అయిపోతే మాత్రం సంగతి మారుతుంది. క్షారంలో అసిటాల్డిహైడ్‌కు ఎక్కువ ఫార్మాల్డిహైడ్ కలిపితే, మూడు ఆల్ఫా హైడ్రోజన్‌ల చోటా ఆల్డాల్ ద్వారా మూడు CH2OH లు చేరతాయి. ఇక లాక్కోవడానికి ఏదీ మిగలదు. అప్పుడు నాలుగో ఫార్మాల్డిహైడ్ హైడ్రైడ్ ఇచ్చి తాను ఫార్మేట్‌గా మారుతుంది, మిగిలిన CHO కూడా CH2OH అవుతుంది. అలా వచ్చేదే పెంటాఎరిత్రిటాల్, C(CH2OH)4.