పక్కకి తిరిగితే పోలిక తప్పే కార్టూన్ బొమ్మ: సమస్య ఎక్కడ, సరిచేయడం ఎలా

ఆదివారాలు మా రాజోలు ఇంటి అరుగు మీద పిల్లలు కార్టూన్లు నేర్చుకోవడానికి వస్తారు. నెలకొకరైనా ఇదే మాటతో మొదలుపెడతారు: "మాస్టారండీ, ఎదురుగా గీస్తే బాగానే వస్తున్నాడండీ, పక్కకి తిప్పితే వాళ్ల బాబాయిలా ఉంటున్నాడు."

బొమ్మ చూడకముందే నేను అడిగేది ఒక్కటే. అన్ని బొమ్మలూ ఒకే సైజులో, ఒకే కాగితం మీద, ఒకే నేల గీత మీద నిలబెట్టి చూశావా? పదిమందిలో ఎనిమిదిమంది చూసి ఉండరు. ఎదురు బొమ్మ ఒక పుస్తకంలో, పక్క బొమ్మ ఇంకో పుస్తకంలో, మూడోది ఫోన్‌లో ఉంటుంది. ముందు వాటిని వరసగా పెట్టండి. నడినెత్తి, కళ్లు, గడ్డం, నడుము, మోకాలు, పాదం ఉన్నచోట అడ్డంగా స్కేలు గీతలు లాగండి. గీత దగ్గర ఏది తప్పితే దాన్ని దిద్దండి. చాలామంది ఇబ్బంది ఇక్కడితోనే తీరిపోతుంది, ఇంతకుమించి చదవక్కర్లేదు.

లక్షణం: గీతలన్నీ కలిశాయి, అయినా మనిషి మారిపోయాడు

నన్ను నిజంగా ముంచింది ఇదే. ఒకసారి 24 పేజీల పిల్లల బొమ్మల కథ గీస్తూ తొమ్మిదో పేజీ దాకా వచ్చాక చూసుకున్నాను. ఎత్తులన్నీ స్కేలుకి సరిపోతున్నాయి, పోలిక మాత్రం లేదు. తొమ్మిది పేజీలూ మళ్లీ గీశాను.

కారణం ఏమిటంటే, అడ్డగీతలు ఎత్తుని మాత్రమే కాపలా కాస్తాయి. తల ముందు నుంచి వెనక్కి ఎంత లోతు ఉందో అవి చెప్పవు. మనం ఎదురుబొమ్మలో ఒక గుండ్రం గీసి, దాన్ని పళ్లెంలాంటి గుండ్రంగానే బుర్రలో పెట్టుకుంటాం. అది కాయ అని అనుకోం. ఇక ముప్పావు వైపు, అంటే త్రీక్వార్టర్ బొమ్మ, గీయాల్సి వచ్చేసరికి పళ్లేన్ని తిప్పినట్టు సన్నగా నొక్కేస్తాం.

ఈమధ్య ఒక కుర్రాడు సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు మీద టికెట్లు కొట్టే అబ్బులు అని ఒక పాత్ర తయారుచేశాడు. తల కొబ్బరికాయ, ఒళ్లు పనసకాయ, కాళ్లు రెండు గెడకర్రలు. ఎడమ భుజం మీద తువ్వాలు, కుడివైపు టికెట్ల సంచి. ఆకారాలు చక్కగా ఎంచుకున్నాడు. ఎదురుగా తల వెడల్పు 6 సెంటీమీటర్లు, పక్కనుంచి చూస్తే 7. ముప్పావు బొమ్మలో మాత్రం 5 చిల్లర గీశాడు. ఎందుకురా అంటే, "తిప్పితే సన్నబడుతుంది కదండీ" అన్నాడు.

సన్నబడదు. ఎదురుగా 6, పక్కగా 7 ఉన్న కాయ మధ్యలో 6 కంటే తగ్గే దారే లేదు. సగం, అంటే 45 డిగ్రీలు, తిప్పితే దాదాపు 6.5 వస్తుంది.

నమ్మకం కుదరకపోతే వంటింట్లోంచి పీచు తీసిన కొబ్బరికాయ తెచ్చుకోండి, కోనసీమలో దానికి కరువు లేదు. సుద్దముక్కతో నిలువుగా ముఖం మధ్యగీత, అడ్డంగా కళ్ల గీత గీసి, రెండు కళ్లూ చుక్కలు పెట్టండి. ఒక కన్ను మూసుకుని కాయని మెల్లగా తిప్పండి. అడ్డగీత మీ కళ్లకి ఎదురుగా ఉంటే సూటిగా కనిపిస్తుంది. కాయని కాస్త ముందుకి వంచితే అదే గీత కిందికి వంగుతుంది. మధ్యగీత అంచువైపు జరుగుతుంది. దూరపు కన్ను అంచుకి అతుక్కుపోతుంది.

కాగితం మీద ఇదే పనికి నేను పైనుంచి చూసిన బొమ్మ గీయిస్తాను. ఎవరూ గీయరు, అదే తంటా. ట్రేసింగ్ పేపర్ మీద 6 వెడల్పు, 7 పొడవు ఉన్న కోడిగుడ్డు ఆకారం గీయండి. అది నడినెత్తి మీంచి చూసిన అబ్బులు తల. ముందువైపు నడిమధ్య ముక్కుకి 8 మిల్లీమీటర్ల బుడిపె. ఆ మధ్యకి అటూ ఇటూ 1.2 సెంటీమీటర్ల దూరంలో గుడ్డు అంచు మీద కళ్ల చుక్కలు. వెనకాల పిలకకి ఒక గుర్తు. ఇప్పుడు ఆ ట్రేసింగ్ పేపర్‌ని 45 డిగ్రీలు తిప్పి, తెల్ల కాగితం పైభాగాన టేపుతో అంటించండి. ప్రతి గుర్తు నుంచి కిందికి నిలువు గీత దించండి. ఎదురుబొమ్మ నుంచి అడ్డగీతలు లాగండి. రెండూ కలిసిన చోటే కన్ను, ముక్కు, పిలక.

అబ్బులికి అలా దించితే వచ్చిందేమిటంటే, ముఖం మధ్యగీత నుంచి దగ్గరి కన్ను సెంటీమీటరు పైచిలుకు, దూరపు కన్ను 6 మిల్లీమీటర్లు. ఆ దూరపు కన్ను తల అంచుకి 2 మిల్లీమీటర్లు కూడా లేదు. ముక్కు చివర దాదాపు ఆ కంటి కిందికే వచ్చేసింది. మావాడు రెండు కళ్లనీ సమాన దూరంలోనే ఉంచి, ముఖం మొత్తాన్ని పక్కకి జరిపాడు. బాబాయి వచ్చింది అక్కడినుంచే.

కన్ను అంచుకి మరీ ఇరుక్కుందనిపిస్తే 30 డిగ్రీలే తిప్పండి, అబ్బులికి తల 6.3 దగ్గర పడుతుంది. ఏ కోణం ఎంచుకున్నా కథంతా ముప్పావు అంటే అదే కోణం. కార్టూన్ కాబట్టి కావాలని అబద్ధమాడొచ్చు కూడా. మిక్కీ మౌస్ చెవులు ఎటు తిరిగినా గుండ్రంగానే ఉంటాయి. అలాంటి అబద్ధం ఉంటే పాత్రని అన్ని వైపులా వరసగా గీసుకున్న షీట్ మీద రాసి పెట్టుకోండి, లేకపోతే పేజీకొక అబద్ధం అవుతుంది.

లక్షణం: నవ్వితే ఒకడు, ఏడిస్తే ఇంకొకడు

ఎక్స్‌ప్రెషన్ షీట్‌లో, అంటే పాత్ర నవ్వు, ఏడుపు, కోపం అన్నీ ఒకచోట గీసుకునే కాగితంలో, ప్రతి ముఖాన్నీ మొదటినుంచి గీయడం వల్ల వచ్చే జబ్బు ఇది. మామూలు ముఖం మీద ట్రేసింగ్ పేపర్ వేసి నెత్తి, చెవులు, కనుగుడ్డు గుండ్రాలు, ముక్కు మొదలు ఉన్నవున్నట్టు దించుకోండి. అవి ఎముక, కదలవు. కదిలేవి కనుబొమలు, రెప్పలు, బుగ్గలు, నోరు, దవడ. అబ్బులు చిల్లర లేదని కేకేస్తే దవడ కిందికి జారి తల పొడవవ్వాలి. చాలామంది తల అంతే ఉంచి, నోటికి చోటు కోసం కళ్లని పైకి తోసేస్తారు. కోపానికి కన్ను చిన్నది చేయకండి, రెప్పతో కప్పండి.

ఇంకో సంగతి, ప్రతి కొత్త ముఖాన్నీ నిన్న గీసిన ముఖం చూసి గీయకండి. గోడకి అంటించిన మొదటి షీట్ చూసే గీయండి. నిన్నటి చిన్న తప్పు ఇవాళ్టికి అసలైపోతుంది.

మిగిలినవి

తువ్వాలు భుజం మారిందా? ఎడమవైపు బొమ్మని అద్దంలోలా తిప్పి కుడివైపు బొమ్మగా వాడేసి ఉంటారు. రెండు వైపులూ విడిగా గీయండి, లేదా తిప్పాక తువ్వాలు, సంచి మార్చండి.

ఫోన్‌తో దగ్గరగా తీసిన ఫొటోలో నుదురు ఉబ్బినట్టు ఉంటే బొమ్మ తప్పు కాదు. కాస్త దూరం జరిగి, కాగితానికి నిటారుగా పట్టుకుని జూమ్ చేసి తీయండి. పెన్ను మార్చితే పోలిక పోయిందని కూడా అంటుంటారు, నేను మాత్రం ఎప్పుడూ చూడలేదు.

అబ్బులు కొత్త ముప్పావు బొమ్మని చివరికి మొత్తం నల్లరంగు నింపి చూపించమన్నాను. పిలక, ముక్కు, పనసకాయ పొట్ట, సంచి అన్నీ విడివిడిగా కనిపించాయి. ఎదురుబొమ్మ నీడ పక్కన పెడితే ఒకే మనిషి. కాకపోతే పిలక ఒక్కటి రెండు మిల్లీమీటర్లు పైకి పోయింది, అడ్డగీత లాగడం మర్చిపోయాడు.