ఫోన్‌లో గేమ్‌లకు చోటు చాలకపోతే: మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్ ఎంతవరకు పనికొస్తాయి?

మెమరీ కార్డు ప్యాకెట్ మీద సెకనుకు 100 ఎంబీ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. గేమ్‌లు ఆడేవాళ్లకు ఆ అంకెతో పెద్దగా పని లేదు. ఒకే పెద్ద ఫైలును మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదివితే వచ్చే వేగం అది. కార్డులోని సినిమాను బయటకు కాపీ చేసుకునేటప్పుడు దానికి దగ్గరగా రావచ్చు. గేమ్ అలా చదవదు. ఒక మ్యాప్ తెరుచుకోవాలంటే గోడల బొమ్మలు ఒక మూల నుంచి, చప్పుళ్లు ఇంకో మూల నుంచి, ఆటగాడి బట్టలు మరో మూల నుంచి, ఇలా వేలకొద్దీ చిన్న ముక్కలు వెతికి తెచ్చుకుంటుంది.

ఈ వెతుకులాటలో కార్డు ఎంత చురుకో చెప్పే గుర్తు వేరే ఉంది. కార్డు మీదే చిన్నగా A1 అనో A2 అనో ముద్రిస్తారు. A1 ఉంటే ఆ కార్డు సెకనుకు కనీసం 1500 చిన్న ముక్కలు చదవగలదని, 500 ముక్కలు రాయగలదని హామీ. ముక్క 4 కేబీ ఉంటుంది కాబట్టి లెక్క వేయండి: 1500 ముక్కలంటే సెకనుకు సుమారు 6 ఎంబీ. రాయడమైతే 2 ఎంబీ. ప్యాకెట్ మీది 100 ఎక్కడ, ఈ ఆరు ఎక్కడ! ఉత్త Class 10 గుర్తు మాత్రమే ఉన్న కార్డుకు ఈ ఆరు కూడా హామీ లేదు. ఫోన్ లోపలి స్టోరేజీ ఇదే పనిని కార్డు కంటే చాలా రెట్లు వేగంగా చేస్తుంది. ఖరీదైన ఫోన్లలోనే కాదు, మామూలు ఫోన్లలోనూ అంతే.

అందుకే ఏ గేమ్ కార్డు మీద ఉండొచ్చు, ఏది ఉండకూడదు అన్నది ముందు తేల్చుకోవాలి. కార్డు కొనడం ఆ తర్వాతి పని.

ముందు మీ ఫోన్ ఏం ఒప్పుకుంటుందో చూడండి

ఆండ్రాయిడ్‌లో కార్డును రెండు రకాలుగా వాడొచ్చు. ఒకటి, ఫొటోలు, సినిమాలు పెట్టుకునే మామూలు కార్డుగా. రెండోది, ఫోన్ స్టోరేజీలో కలిపేసుకోవడం. ఈ రెండో పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. కానీ అన్ని కంపెనీలూ దాన్ని ఉంచలేదు. మీ ఫోన్‌లో కార్డు పెట్టి, Settings లో Storage తెరిచి, కార్డు పేరు నొక్కండి. మూలన మూడు చుక్కల మెనూలో Format as internal కనిపిస్తే ఆ పద్ధతి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

అది లేని ఫోన్లలోనూ కొన్నిట్లో గేమ్‌ను కార్డుకు పంపే దారి ఉంటుంది. Settings, Apps, గేమ్ పేరు, Storage, ఈ వరసలో వెళ్లండి. అక్కడ Change అనే బటన్ ఉంటే పంపొచ్చు. ఒక గేమ్‌కు ఆ బటన్ ఉండి, పక్క గేమ్‌కు లేకపోతే ఫోన్ పాడైందని అనుకోకండి. కార్డు మీదకు వెళ్లొచ్చా లేదా అన్నది గేమ్ తయారుచేసినవాళ్లే లోపల రాసిపెడతారు.

కార్డు కొనడం, పరీక్షించడం

విశాఖలో డాబాగార్డెన్స్‌లో అడిగినా, ద్వారకానగర్‌లో అడిగినా 128 జీబీ కార్డులు రకరకాల ధరల్లో చూపిస్తారు. A1 గుర్తు చూసి, బిల్లుతో తీసుకోండి. A2 కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. దాని అదనపు వేగం రావాలంటే ఫోన్ కూడా ఆ పద్ధతికి సహకరించాలి, చాలా ఫోన్లు సహకరించవు.

ఇంటికి తెచ్చిన రోజే పరీక్షించడం అన్నిటికంటే ముఖ్యం. నకిలీ కార్డుల్లో లోపల ఉండేది ఏ 16 జీబీయో, 32 జీబీయో, పైకి మాత్రం 128 అని చూపిస్తాయి. అసలు చోటు నిండేదాకా బాగానే పనిచేస్తాయి, ఆ తర్వాత పెట్టిందల్లా పాడైపోతుంది. విండోస్ కంప్యూటర్ ఉంటే H2testw అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తం నింపి, మళ్లీ చదివించండి. చివర Test finished without errors అని వస్తే కార్డు అసలుదే. సెకనుకు 20 ఎంబీ చొప్పున రాసినా 128 జీబీ నిండడానికి గంటా ముప్పావు పడుతుంది, తిరిగి చదవడానికి ఇంకొంత సేపు. పెట్టేసి వేరే పని చూసుకోండి. కంప్యూటర్‌లో 128కి బదులు 119 అని కనిపిస్తే కంగారు పడొద్దు. కంపెనీ లెక్క వెయ్యితో, కంప్యూటర్ లెక్క 1024తో, అంతే తేడా.

ఉక్కునగరం కుర్రాడి ఫోన్

మా చెల్లెలి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడిది 64 జీబీ ఫోన్. లోపల మిగిలింది 3 జీబీ. స్నేహితులతో ఆడే ఆన్‌లైన్ గేమ్ ఒకటి, ఒంటరిగా ఆడుకునే కార్ల రేసింగ్ గేమ్ ఒకటి, ఇంకా నాలుగైదు చిన్నవి ఉన్నాయి. A1 కార్డు కొన్నాక వాడి మొదటి మాట, "మావయ్యా, మొత్తం కార్డులోకి తోసేద్దామా?"

వద్దన్నాను. ఆన్‌లైన్ గేమ్‌ను లోపలే ఉంచాం. అందులో మ్యాప్ ఆలస్యంగా తెరుచుకుంటే మిగతావాళ్లు అప్పటికే దిగి ఆడేస్తుంటారు. పైగా దానికి తరచూ అప్‌డేట్లు వస్తాయి. అప్‌డేట్ అంటే రాయడం, కార్డుకు అన్నిటికంటే బలహీనమైన పని అదే. రేసింగ్ గేమ్ ఒక ట్రాక్ మొత్తాన్ని ముందే ర్యామ్‌లోకి తెచ్చుకుని, ఆ తర్వాత కార్డు వైపు పెద్దగా చూడదు. ఒకసారి ర్యామ్‌లోకి వచ్చాక ఆట సాఫీగా సాగడం ప్రాసెసర్ పని, కార్డు వేగంతో సంబంధం లేదు. కాబట్టి దాన్ని కార్డుకు పంపాం. ట్రాక్ తెరుచుకోవడానికి ముందుకంటే బాగా ఎక్కువసేపే పడుతోంది. కారు కదిలాక తేడా తెలియలేదు.

పంపే ముందు లోపల ఎంత ఖాళీ ఉందో కాగితం మీద రాసుకోమన్నాను, మీరూ అలాగే చేయండి. Change నొక్కాక మళ్లీ చూడండి. 2 జీబీ గేమ్‌ను పంపితే ఖాళీ 200 ఎంబీ మాత్రమే పెరిగిందంటే, గేమ్ ప్రోగ్రామ్ ఒక్కటే వెళ్లి, అది తర్వాత దించుకున్న బొమ్మలు, చప్పుళ్లు లోపలే ఉండిపోయాయన్నమాట. అలాంటప్పుడు దాన్ని వెనక్కి తెచ్చేసుకోవడమే మేలు, వేగం పోగొట్టుకున్నందుకు ఫలితం లేదు.

వాడికి అసలైన చోటు దొరికింది మాత్రం గేమ్‌లను జరపడంలో కాదు. ఆర్కే బీచ్‌లో తీసిన వీడియోలు, కాలేజీ ఫంక్షన్ ఫొటోలు, దాచుకున్న సినిమాలు కార్డుకు మార్చాక లోపల చాలా ఖాళీ ఏర్పడింది. ఇవన్నీ వరుసగా చదివే పెద్ద ఫైళ్లు, కార్డు బాగా చేయగలిగిన పని ఇదే. గేమ్‌లకు చోటు కావాలంటే ముందు గేమ్‌లు కానివాటిని బయటకు పంపండి. నేను ఎవరు అడిగినా మొదట చెప్పేది ఇదే.

కార్డును ఫోన్‌లో కలిపేసుకోవాలనుకుంటే

Format as internal నొక్కితే కార్డులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే వేరేచోట దాచుకోండి. ఫోన్ కార్డు వేగాన్ని కొలిచి, నెమ్మదిగా ఉంటే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వస్తే అక్కడితో ఆపేయండి. ముందుకెళ్తే గేమ్‌లే కాదు, మొత్తం ఫోనే నత్తనడక నడుస్తుంది. హెచ్చరిక రాకపోతే డేటాను కార్డుకు తరలించమంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే గేమ్‌లు దించుకున్న ఫైళ్లు కూడా కార్డుకు వెళ్తాయి.

ఆ తర్వాత ఆ కార్డు ఆ ఒక్క ఫోన్‌కే చెల్లుతుంది. దానికి వేసిన తాళం చెవి ఫోన్‌లోనే ఉంటుంది. ఇంకో ఫోన్‌లో పెట్టినా, కంప్యూటర్‌లో పెట్టినా చదవదు. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసినా, అది పూర్తిగా పోయినా కార్డులోని ఫొటోలు కూడా పోయినట్టే. కార్డు తీసేస్తే దాని మీది గేమ్‌లు పనిచేయవు. ఇంట్లో ఫొటోలకు వేరే కాపీ లేనివాళ్లు ఈ పద్ధతి జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కార్డు తట్టుకోలేకపోతోందని ఎలా తెలుస్తుంది? గేమ్‌లో గోడలు, చెట్లు ముందు మసకగా కనిపించి, కాసేపటికి స్పష్టమవుతాయి. పరిగెత్తుతుంటే కొత్త వీధి వచ్చినప్పుడల్లా ఒక క్షణం ఆగిపోతుంది. అప్పుడు ఆ గేమ్‌ను లోపలికి తెచ్చేయండి. అలా కాక, ఫైళ్లు పాడయ్యాయి, మళ్లీ డౌన్‌లోడ్ చేయండి అని పదే పదే వస్తుంటే అది వేగం సమస్య కాదు, కార్డే పోతోంది. ముఖ్యమైనవన్నీ వెంటనే కాపీ చేసుకోండి.

పెన్‌డ్రైవ్ సంగతి

ఓటీజీ కనెక్టర్‌తో పెన్‌డ్రైవ్ పెడితే ఫోన్ ఫైళ్లు చూపిస్తుంది కానీ, ప్లేస్టోర్ గేమ్‌లను దాని మీద పెట్టనివ్వదు. పైగా చాలా మామూలు ఫోన్ల పోర్టు సి-టైపే అయినా లోపల యూఎస్‌బీ 2.0 వేగమే. దాని పరిమితి కాగితం మీదే సెకనుకు 60 ఎంబీ, చేతికి వచ్చేది అంతకంటే తక్కువ. డబ్బు పోసి 3.0 పెన్‌డ్రైవ్ కొన్నా అలాంటి ఫోన్‌లో ఆ వేగం రాదు.

ఒక్క చోట మాత్రం పెన్‌డ్రైవ్ చక్కగా పనికొస్తుంది, పాత గేమ్ యంత్రాల గేమ్‌లను ఫోన్‌లో ఆడించే ఎమ్యులేటర్లలో. సోనీ వాళ్ల చేతి గేమ్ యంత్రం పీఎస్పీ డిస్కు మీ దగ్గర ఉండి, ఆ డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసుకున్న ఐఎస్ఓ ఉందనుకోండి. ఆ డిస్కులో పట్టేదే 1.8 జీబీ. పీఎస్పీ దాన్ని చదివే వేగం సెకనుకు ఒకటిన్నర ఎంబీ కూడా ఉండదు. ఆ నెమ్మదికి తగ్గట్టే ఆ గేమ్‌లను తయారుచేశారు కాబట్టి చవక పెన్‌డ్రైవ్ కూడా వాటికి సరిపోతుంది.

పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌లో మీ ఫోన్ చదవగలిగేలా exFAT గానో FAT32 గానో ఫార్మాట్ చేసి ఐఎస్ఓ ఫైళ్లు వేయండి. FAT32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు కానీ, పీఎస్పీ ఫైళ్లు అంత పెద్దవి కావు. PPSSPP అనే పీఎస్పీ ఎమ్యులేటర్‌ను మొదటిసారి తెరిచినప్పుడు సేవ్ ఫైళ్లు ఎక్కడ పెట్టాలని అడుగుతుంది. అక్కడ ఫోన్ లోపలి ఫోల్డరే ఇవ్వండి. తర్వాత Games దగ్గర Browse నొక్కి పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్ చూపించండి. ఆడుతుండగా పెన్‌డ్రైవ్ కదిలి ఊడితే గేమ్ ఆగిపోవచ్చు, కానీ సేవ్ లోపలే ఉంది కాబట్టి మీరు చివరిసారి దాచుకున్న చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆట అయ్యాక నోటిఫికేషన్‌లో Eject నొక్కాకే పెన్‌డ్రైవ్ లాగండి.