వైరల్ లోడ్ కనిపించకపోయినా హెచ్‌ఐవీ ఎందుకు పోదు?

సమస్య: రిపోర్టులో వైరస్ లేదు, మాత్రలు ఆపగానే తిరిగొచ్చింది

"వైరస్ లేదని వచ్చింది కదా డాక్టర్‌గారూ, ఇంకా మాత్రలెందుకు?" అని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో చాలామంది అడుగుతారు. ఆపేసినవాళ్లలో ఎక్కువమందికి కొద్ది వారాల్లోనే వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, మళ్లీ పెరుగుతుంది.

కారణం

వైరల్ లోడ్ పరీక్ష లెక్కపెట్టేది ప్లాస్మాలో తిరిగే వైరస్ ఆర్‌ఎన్‌ఏను మాత్రమే. కణాల్లో దాగిన డీఎన్‌ఏ దానికి కనబడదు.

హెచ్‌ఐవీకి పైన కొవ్వుపొర, లోపల శంకువు ఆకారపు తొడుగు ఉంటాయి. ఆ తొడుగులో రెండు ఆర్‌ఎన్‌ఏ ప్రతులు, వాటితోపాటు ఎంజైములు ఉంటాయి. సీడీ4 అనే రోగనిరోధక కణంలోకి చేరాక రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైము ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ రాస్తుంది. ఇంటెగ్రేజ్ అనే మరో ఎంజైము ఆ డీఎన్‌ఏ రెండు కొసల్లోనూ రెండేసి అక్షరాలు కత్తిరించి, మన క్రోమోజోమ్‌ను కోసి అందులో అతికిస్తుంది. మిగిలిన సందుల్ని పూడ్చేది మన కణమే! ఇక అది మన డీఎన్‌ఏలో భాగం. కణం రెండుగా చీలితే అదీ రెండవుతుంది.

అలాంటి కణాల్లో కొన్ని మెమరీ కణాలుగా ఏళ్లతరబడి నిద్రపోతాయి. వైరస్ ప్రొటీన్లేవీ తయారుకావు కాబట్టి రోగనిరోధక వ్యవస్థ వాటిని పట్టుకోలేదు. మాత్రలు కొత్త కణాలకు వైరస్ సోకకుండా ఆపుతాయి తప్ప, అతుక్కుపోయినదాన్ని ఊడబెరకలేవు. ఇలా దాగిన కణాల నిల్వ సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుంది.

అమెరికాలోని మిసిసిపీలో 2010లో హెచ్‌ఐవీతో పుట్టిన పాపకు 30 గంటల వయసులోనే మందులు మొదలుపెట్టారు. ఏడాదిన్నర వయసులో అవి ఆగిపోయాయి. తర్వాత 27 నెలలు వైరస్ జాడే లేదు, నయమైందనే అనుకున్నారు. 2014లో అది తిరిగొచ్చింది.

పరిష్కారం

మాత్రలు ఆపకూడదు. ఆపి ఉంటే వెంటనే సెంటర్‌కు వెళ్లాలి. బెర్లిన్‌లో టిమొతీ రే బ్రౌన్ అనే రోగికి హెచ్‌ఐవీ నయమైన మాట నిజమే. కానీ అది లుకేమియా అనే రక్తక్యాన్సర్ కోసం చేసిన మూలకణాల మార్పిడి, దాత కణాలకు హెచ్‌ఐవీ లోపలికి దూరే సీసీఆర్5 అనే తలుపు లేదు. ప్రాణాపాయం ఉన్న ఆ చికిత్సను, మాత్రలతో బాగున్న మనిషికి ఏ డాక్టరూ చేయరు.

సమస్య: మాత్రలు వేసుకుంటున్నా లోడ్ పెరిగింది

ముందు డోసులు తప్పాయేమో చూడాలి. తర్వాత గ్యాస్ మందు సంగతి అడగాలి. ఈ మాత్రల్లోని డోలుటెగ్రావిర్ అనే మందు పనిచేసేదే ఇంటెగ్రేజ్‌లోని మెగ్నీషియాన్ని పట్టుకుని. యాంటాసిడ్‌లోని మెగ్నీషియం, అల్యూమినియం పేగులోనే దాన్ని పట్టేస్తే రక్తంలోకి చేరేది తగ్గిపోతుంది. అందుకే యాంటాసిడ్‌కు 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో ఈ మాత్ర వేసుకోవాలి.

ఇవేవీ కాకపోతే రెసిస్టెన్స్‌ను, అంటే వైరస్ మందుకు లొంగకపోవడాన్ని, అనుమానించాలి. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ రాసింది సరిచూసుకోదు. ఒక్క అక్షరం మారి M184V మ్యుటేషన్ వస్తే చాలు, లామివుడిన్ అనే మందు పట్టు తప్పుతుంది. రెసిస్టెన్స్ టెస్టుకు రక్తం మాత్రలు వాడుతుండగానే ఇవ్వాలి. ఆపితే పాతరకం వైరస్ పెరిగి మ్యుటేషన్‌ను కప్పేస్తుంది. రిపోర్టు బాగానే వస్తుంది కానీ, మారిన ప్రతి నిద్రపోతున్న కణాల్లో అలాగే ఉంటుంది.