ఆవిరి మందు, కంటి చుక్కలు, సూది మందు: చలికాలానికి ముందే విడదీసి పెట్టుకోండి

మా మెడికల్ షాపుకు వచ్చే ఒకావిడ శుక్లాల ఆపరేషన్ తర్వాత రోజూ కంట్లో చుక్కలు వేసుకుంటోంది. వాళ్లాయనకు ఆయాసం, నెబ్యులైజర్ పెడతారు. ఇద్దరి మందులూ ఒకే స్టీల్ డబ్బాలో ఉండేవి. మొన్న రాత్రి ఆవిడ చిన్న ప్లాస్టిక్ గొట్టం తీసి, మూత తుంచి కంట్లో వేసుకుంది. అది ఆయన ఆవిరి మందు. తెల్లారేసరికి ఆ కంటిపాప పెద్దదైపోయి చూపు మసకబారింది.

ఆ గొట్టంలో లెవోసాల్‌బుటమాల్‌తో పాటు ఇప్రట్రోపియం ఉంది. ఇప్రట్రోపియం కంట్లో పడితే కంటిపాప విచ్చుకుంటుంది. కంటి లోపలి కోణం సహజంగానే ఇరుకుగా ఉన్నవాళ్లకైతే కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి పీడనం ఒక్కసారిగా పెరగవచ్చు. కంటి నొప్పి, ఎర్రదనం, దీపం చుట్టూ రంగుల వలయాలు, వాంతులు దీని గుర్తులు. మాస్కు వదులుగా ఉండి ఆవిరి కంటికి తగిలినా ఇలా జరగవచ్చు.

చలి మొదలైతే నెబ్యులైజర్ వాడకం పెరుగుతుంది. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఒకే చోట మొదలవుతాయి: గొట్టాలను రేకు కవరులోంచి, అట్టపెట్టెలోంచి తీసేసి విడిగా డబ్బాలో పోయడం. చాలా గొట్టాల మీద కాగితం లేబుల్ ఉండదు, పేరు ప్లాస్టిక్‌లోనే ఉబ్బెత్తు అక్షరాలుగా ఉంటుంది. కళ్లజోడు ఉన్నా ట్యూబులైటు కింద అవి కనబడవు. చదవగలిగే పేరంతా ఉన్నది కవరు మీదే. కవరు పారేస్తే లేబుల్ పారేసినట్టే.

ఇక లేబుల్ మీద ఏం చదవాలి? 'స్టెరైల్', 'సొల్యూషన్', 'ఐపీ', మిల్లీగ్రాముల అంకె మూడు రకాల మందుల మీదా ఉండొచ్చు. వాటిని చూసి ఏదీ తేల్చుకోలేం. మందు పేరు పక్కనో కిందో ఉండే మాట వెతకండి. 'రెస్పిరేటర్ సొల్యూషన్', 'రెస్పిరేటర్ సస్పెన్షన్', 'ఇన్‌హలేషన్', 'నెబ్యులైజేషన్' అని ఉంటే ఆవిరి మందు. 'ఆఫ్తాల్మిక్' లేదా 'ఐ డ్రాప్స్' అని ఉంటే కంటి మందు. 'ఇంజెక్షన్' అని గానీ, 'ఐవీ', 'ఐఎం' అని గానీ ఉంటే సూది మందు. ఈ మాట దొరకకపోతే ఆ గొట్టం వాడకండి.

ఒక్క చోట మాత్రం ఇది తికమక పెడుతుంది. ఆవిరి మందులో కలపడానికి డాక్టర్లు రాసే సెలైన్ మీద 'సోడియం క్లోరైడ్ ఇంజెక్షన్ 0.9 శాతం' అని ఉండొచ్చు. డాక్టరు రాస్తే అది వాడవచ్చు. కానీ దాని పక్కనే అదే సైజులో దొరికే 'స్టెరైల్ వాటర్ ఫర్ ఇంజెక్షన్' కలపకూడదు. ఉప్పు లేని నీటి ఆవిరి ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరి గొట్టాలను బిగదీస్తుంది. పేరుతో పాటు 0.9 కూడా చదవండి.

తెల్లగా పాలలా ఉంటే బుడెసోనైడ్ అనే ఆవిరి మందనీ, నీళ్లలా ఉంటే కంటి చుక్కలనీ పోల్చుకునేవాళ్లున్నారు. బుడెసోనైడ్ తెల్లగా ఉండే మాట నిజమే, కానీ ఇంకో ఆవిరి మందు సాల్‌బుటమాల్ నీళ్లలాగే ఉంటుంది. రంగు, సైజు, మూత ఆకారం కంపెనీ మారితే మారిపోతాయి.

కవరు పారేయకండి. ఒక గొట్టం తీశాక మిగతావి అదే కవరులో, కవరు అదే పెట్టెలో పెట్టండి.

పెట్టె మీద మార్కర్‌తో పెద్దగా 'ఆవిరి మందు' అని రాయండి. గొట్టం మీద రాయకండి, స్టిక్కరు అంటించకండి. ఆ మెత్తటి ప్లాస్టిక్‌లోంచి సిరా, జిగురు మందులోకి దిగే వీలుంది.

కంటి మందు ఒక గదిలో, ఆవిరి మందు ఇంకో గదిలో.

చీకట్లో, కరెంటు పోయినప్పుడు గొట్టం తుంచకండి.

ఆవిరి మందును సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టకండి. సూది మందు అనుకుని ఎవరైనా పొడిచేస్తారు.

ఇంటికొచ్చి సూది వేసేవాళ్ల చేతికి విడి గొట్టం ఇవ్వకండి. పెట్టెతో సహా ఇచ్చి, పేరు పైకి చదవమనండి.

కంటి చుక్కలు నెబ్యులైజర్‌లో పోయకండి. టిమోలాల్ ఉన్న నీటికాసుల చుక్కలు కంట్లో వేసినా ఉబ్బసం ఎక్కువవుతుంది. ఆయాసం ఉన్నట్టు కంటి డాక్టరుకు ముందే చెప్పండి.

ఆవిరి మందు కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీళ్లతో 15 నిమిషాలు కడగండి. నలపకండి. నొప్పి ఉన్నా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకండి.

పొరపాటున సూదిగా ఎక్కితే 108కి ఫోన్ చేయండి. ఖాళీ గొట్టం, దాని కవరు వెంట తీసుకెళ్లండి.