వీడియోలో చెప్పిన మాట వెతికితే మన పేజీ ఎందుకు దొరకదు: సమస్య - పరిష్కారం

పోయిన వేసవిలో మా పిన్ని ఆవకాయ పెడుతుంటే ఏడున్నర నిమిషాల వీడియో తీశాను. యూట్యూబ్‌లో ఎక్కించి, మా వంటల పేజీలో అతికించి, పైన రెండు వాక్యాలు రాసి వదిలేశాను. మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె పైకి తేలకపోతే ఏం చెయ్యాలో పిన్ని అందులో చాలా వివరంగా చెప్పింది. కొన్ని వారాలయ్యాక అవే మాటలు గూగుల్‌లో కొట్టి చూశాను. మా పేజీ జాడే లేదు. వీడియో కింద అందులోని మాటలన్నీ రాసిపెట్టడం, అంటే ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టడం, అప్పుడు మొదలుపెట్టాను. రాశాక కూడా ఒకదాని తర్వాత ఒకటి చిక్కులు వచ్చాయి. నాకు ఎదురైన వరసలోనే వాటిని చెబుతాను.

సమస్య: వీడియోలోని మాటతో వెతికితే పేజీ రావడం లేదు

మనం అతికించే యూట్యూబ్ కోడ్ ఒక ఐఫ్రేమ్. అది మన గోడకి పెట్టిన కిటికీ లాంటిది: అందులోంచి కనిపించే ఇల్లు యూట్యూబ్‌ది, మనది కాదు. పిన్ని పలికిన మాటలు గానీ, యూట్యూబ్‌లో మనం పెట్టిన సబ్‌టైటిల్స్ గానీ మన పేజీలో భాగం కావు. మన పేజీ వరకు సెర్చ్‌కి కనిపించే అక్షరాలు పైన రాసిన ఆ రెండు వాక్యాలే.

నిర్ధారించుకోవడానికి కంప్యూటర్‌లో పేజీ తెరిచి Ctrl+U నొక్కండి. వచ్చిన కోడ్‌లో Ctrl+F కొట్టి, వీడియోలో మాత్రమే వచ్చే ఒక మాట వెతకండి. నేను "తిరగకలిపి" అని వెతికాను. దొరకలేదు.

పరిష్కారం ఆ మాటలను మామూలు అక్షరాలుగా పోస్టులోనే, వీడియో కిందే రాయడం. కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టినా, అక్షరాలతో అందమైన బొమ్మ చేసి పెట్టినా ఈ పని జరగదు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే చూపులేని పాఠకులకి అది ఉత్త బొమ్మే. పొడవు ఎక్కువైందనిపిస్తే ఇలా మడిచి పెట్టవచ్చు:

```html
<details>
  <summary>వీడియోలోని మాటలు చదవండి</summary>
  <div lang="te">
    <h3>కొలతలు</h3>
    <p>ఈ గిన్నెతో నాలుగు గిన్నెల ముక్కలు...</p>
  </div>
</details>
```

ఇలా మడిచినా అక్షరాలు పేజీ కోడ్‌లోనే ఉంటాయి కాబట్టి గూగుల్ చదువుతుంది. "ట్రాన్స్‌క్రిప్ట్ చూపించు" అనే బటన్ నొక్కాకే సర్వర్ నుంచి పాఠం తెచ్చే ప్లగిన్లతో మాత్రం చిక్కే, ఎందుకంటే గూగుల్ బాట్ బటన్లు నొక్కదు. అనుమానం ఉంటే, మన పేజీలు గూగుల్‌కి ఎలా కనిపిస్తున్నాయో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ పేజీ చిరునామా ఇచ్చి Test live URL, ఆ తర్వాత View tested page నొక్కండి. అక్కడ కనిపించే HTMLలో మీ మాట ఉంటే గూగుల్‌కి అందినట్టే. `lang="te"` అని రాయడం గూగుల్ కోసం కాదు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతు ఎంచుకోవాలంటే అది ఉండాలి.

నేనైతే వంట పోస్టుల్లో మడతే పెట్టను. పొయ్యి దగ్గర నిలబడి ఫోన్ చూసుకునే మనిషికి ఇంకో నొక్కుడు ఎందుకు?

సమస్య: పాఠం పెట్టాను, అక్షరాలు పాడైపోయాయి

ఇక్కడ పాడైన తీరే కారణం చెబుతుంది.

అంతా ప్రశ్నార్థకాలే, అంటే `?????` అని కనిపిస్తే ఫైలును ANSI అనే పద్ధతిలో సేవ్ చేశారన్నమాట. తెలుగు అక్షరాలకు అందులో చోటు లేక ఒక్కొక్కదాని బదులు ప్రశ్నార్థకం పడింది. ఆ ఫైల్లో తెలుగు ఇక లేదు, ఏ మంత్రం వేసినా తిరిగిరాదు. అసలు ప్రతి తెరిచి, సేవ్ చేసేటప్పుడు UTF-8 ఎంచుకోవాలి.

`à°…` లాంటి గుర్తులు బారులు తీరితే అంత భయం లేదు. అది "అ" అనే అక్షరమే. UTF-8లో దాని మూడు బైట్లను ఎవరో మూడు వేరువేరు అక్షరాలుగా చదివారు. పేజీ తలభాగంలో `<meta charset="utf-8">` ఉందో లేదో చూడండి. అది ఉండి కూడా ఇలాగే వస్తుంటే, ఫైలు తెరిచే ప్రోగ్రాంలో UTF-8 ఎంచుకుని తెరిచి, మళ్లీ కాపీ చేసి అతికించండి.

మూడోది మన తెలుగువాళ్లకి బాగా తెలిసిన బాధ. డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి తెచ్చిన పాఠం అక్కడ చక్కగా తెలుగులో కనిపించి, పోస్టులో అతికించగానే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులుగా మారిపోతుంది. అది అను ఫాంట్లలో టైపు చేసిన పాఠం. ఫైల్లో ఉన్నవి మొదటినుంచీ ఇంగ్లీషు గుర్తులే, ఫాంట్ వాటిమీద తెలుగు రూపాలు గీసి చూపిస్తోంది. ఫాంట్ లేని చోట ముసుగు తొలగినట్టు అవి బయటపడతాయి. ఫాంట్ తగిలించి కంటికి తెలుగులా కనిపించేలా చేసినా, సెర్చ్‌కి అది తెలుగు కాదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, తర్వాత ఒత్తులు, దీర్ఘాలు కళ్లతో ఒకసారి సరిచూసుకోక తప్పదు. టైపు చేసేవారికి ముందే "యూనికోడ్‌లో ఇవ్వండి" అని చెబితే ఈ పనంతా తప్పుతుంది.

సమస్య: మాటలన్నీ ఉన్నాయి, చదివితే వంట రాదు

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. మొదటిసారి నేను సబ్‌టైటిల్ ఫైలునే తెచ్చి అతికించాను. 2:11 దగ్గర అది ఇలా ఉంది:

```
41
00:02:11,400 --> 00:02:13,900
ఇదిగో ఈ గిన్నెతో నాలుగు

42
00:02:13,900 --> 00:02:17,200
దీంతోనే ఇవి రెండూ ఒక్కొక్కటి
ఉప్పు ఇదిగో ఇంత
```

వీడియో చూస్తున్నవాళ్లకి ఇందులో లోటేమీ లేదు. చదివేవాళ్లకి "ఇవి రెండూ" ఏమిటో, "ఇంత" ఎంతో తెలిసే దారే లేదు. ఇక్కడ రెండు కారణాలు కలిశాయి. సబ్‌టైటిల్ అనేది తెర మీద రెండు మూడు సెకన్లు నిలవడానికి కోసిన ముక్క, వాక్యం కాదు. పైగా పిన్ని సగం మాట నోటితో చెప్పి, మిగతా సగం చేత్తో చూపించింది. మనం రాసింది నోటి సగమే.

మొదటి కారణానికి మందు తేలిక. కాలాల వరసలు, అంకెలు తీసేసి, ముక్కలను కలిపి వాక్యాలు చెయ్యాలి. పని మారిన ప్రతిచోటా ఒక చిన్న శీర్షిక, దాని పక్కన సమయం పెడితే చాలు. మా వీడియోకి ఆరు శీర్షికలు వచ్చాయి. సమయాన్ని లింకుగా ఇస్తే పాఠకులు నేరుగా అక్కడికి వెళతారు. అయితే లింకులో రాయాల్సింది సెకన్లు. 2:11 అంటే 131 సెకన్లు:

```
https://youtu.be/VIDEO_ID?t=131
```

నేను హడావిడిలో `t=211` అని రాశాను. అది 3:31కి, కొలతలు అయిపోయి పిన్ని వెల్లుల్లి వేస్తున్న చోటికి తీసుకుపోయింది. ప్రతి లింకూ ఒకసారి నొక్కి చూడండి.

రెండో కారణానికి దొడ్డిదారి లేదు. పాఠం శుభ్రం చేశాక, శబ్దం పూర్తిగా ఆపేసి వీడియో మొదటినుంచి చూడాలి. చెవికి పని లేనప్పుడు చేతులు చేసేది కనిపిస్తుంది. చూపించిందీ చెప్పనిదీ ఏదైతే ఉందో దాన్ని చదరపు కుండలీకరణాల్లో రాసుకుంటూ పోవాలి. నాకు "ఇంత" ఎంతో వీడియోలోనూ తేలలేదు. ఫోన్ చేసి అడిగితే పిన్ని గిన్నెతో నీళ్లు కొలిచి చెప్పింది. చివరికి ఆ భాగం ఇలా తయారైంది:

> 2:11 కొలతలు
> పిన్ని: ఈ గిన్నెతో నాలుగు గిన్నెల ముక్కలు వచ్చాయి. దీంతోనే కారం ఒకటి, ఆవపిండి ఒకటి. ఉప్పు ఇదిగో, ఇంత. [పావు లీటరు నీళ్లు పట్టే స్టీలు గిన్నె. కారం, ఆవపిండి అంచుకి సమంగా కొట్టింది. ఉప్పు ముప్పావు గిన్నె.]

పిన్ని మాటలు ఆమెవే, కుండలీకరణాల్లోవి నావి. ఈ రెండూ కలపకూడదు. చూపించినదాన్ని కూడా రాసే ఇలాంటి పాఠాన్నే వివరణాత్మక ట్రాన్స్‌క్రిప్ట్ అంటారు. చూపూ వినికిడీ రెండూ లేనివారు బ్రెయిలీ యంత్రం మీద వేళ్లతో చదువుకునేది దీన్నే. వీడియో వాళ్లకి చేరే దారి ఇదొక్కటే కనుక, "ఇంత" అని వదిలేస్తే వాళ్లకి అక్కడ తలుపు మూసేసినట్టు.

ఏది తీసెయ్యాలి, ఏది ఉంచాలి? "అన్నమాట", "అదన్నమాట" అని వాక్యానికొకసారి వచ్చేవి తీసేశాను. ఆమె యాస ముట్టుకోలేదు. పిన్ని పప్పునూనె అంటుంది, చాలామంది నువ్వుల నూనె అని వెతుకుతారు. అందుకని మొదటిసారి వచ్చినచోట "పప్పునూనె [నువ్వుల నూనె]" అని రాసి, ఆ తర్వాత ఆమె మాటే ఉంచాను. సెర్చ్ కోసమని ప్రతి వరుసలో రెండు పేర్లూ కూరితే చదవడం నరకమవుతుంది.

సమస్య: సెర్చ్ కన్సోల్ "Video isn't on a watch page" అంటోంది

ఇది తప్పు కాదు, సరిచేయాల్సిన పనీ లేదు. 2023 డిసెంబర్ నుంచి గూగుల్ తన వీడియో ఫలితాల్లో, వీడియోయే ముఖ్యమైన సరుకుగా ఉన్న పేజీలనే చూపిస్తోంది. పాఠం మధ్యలో వీడియో ఉన్న పోస్టు ఆ లెక్కలోకి రాదు. వీడియో వివరాలను గూగుల్‌కి చెప్పే `VideoObject` మార్కప్ పేజీ కోడ్‌లో పెట్టినా ఆ లెక్క మారదు. వీడియో ఫలితాల్లో రావడమే మీకు ముఖ్యమైతే, పైన వీడియో తప్ప వేరే ఆర్భాటం లేని ప్రత్యేక పేజీ చేసి, పోస్టు నుంచి దానికి లింకు ఇవ్వండి. నేను చెయ్యలేదు. మా పేజీని మామూలు ఫలితాల్లోకి తేవాల్సింది దాని పాఠమే.

సమస్య: వీడియోలోనే పొరపాటు దొర్లింది

5:40 దగ్గర పిన్ని "రెండో రోజు తిరగకలపాలి" అని నోరు జారింది. యూట్యూబ్‌లో అదే చిరునామా ఉంచుకుని వీడియో ఫైలు మార్చడం కుదరదు. కొత్తది ఎక్కిస్తే చిరునామా మారి, అంతకుముందు పంచుకున్న లింకులన్నీ పాత వీడియోకే పోతాయి. అందుకని ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆమె అన్న మాట అన్నట్టే ఉంచి, వెంటనే "[సవరణ: మూడో రోజు]" అని రాశాను. యూట్యూబ్ సబ్‌టైటిల్‌లో కూడా అదే సవరణ విడిగా చేశాను, ఎందుకంటే ఒకచోట దిద్దితే రెండోచోట దానంతటది మారదు. ఆ సబ్‌టైటిల్స్‌ని తీసెయ్యకండి. వినపడనివాళ్లు వీడియో చూస్తూ చదువుకోవాలంటే, కింద పాఠం ఎంత బాగున్నా తెర మీద అక్షరాలు ఉండాల్సిందే.