సంతాప లేఖలో ఏం దిద్దాలి, ఏం వదిలేయాలి

సహోద్యోగికి రాసిన సంతాప లేఖను దిద్దేటప్పుడు ముందుగా క్రియలను చూడండి. మాటల మెత్తదనం జోలికి పోవద్దు. ఈమధ్య ఒక మిత్రుడు “మీ నాన్నగారు కాలం చేశాడని విని మనసు కలచివేసింది. నా సానుభూతి తెలియజేయబడుచున్నది” అని రాసి చూపించారు. ‘గారు’ అన్నాక ‘చేశారని’ అనాలి. విన్నది రాసిన మనిషి, కలచివేసింది వార్త కాబట్టి, కర్తలు వేరైన ఆ రెండు పనులను ‘విని’ కలపలేదు. అందుకే “మీ నాన్నగారు కాలం చేశారన్న వార్త నా మనసును కలచివేసింది” అని మార్చాం. ‘తెలియజేయబడుచున్నది’ ఆఫీసు సర్క్యులర్ భాష, అందులో మనిషి కనబడడు. “నా సానుభూతిని తెలియజేస్తున్నాను” అంటే చాలు. చివర ఆయన రాసుకున్న “పని గురించి తొందరపడకండి, మీ ఫైళ్లు నేను చూసుకుంటాను” అన్న వాక్యాన్ని మాత్రం, కాస్త వాడుక మాటలా ఉన్నా, ముట్టుకోలేదు.