బెల్లం గోధుమరంగులో ఎందుకు కలిసిపోతుంది: ప్రొడక్ట్ ఫొటోలకు బ్యాక్‌గ్రౌండ్ రంగు, సమస్య - పరిష్కారం

ఎలక్ట్రానిక్స్‌కు నీలం, బూడిద లాంటి చల్లని రంగులు. ఆర్గానిక్ సరుకుకు మట్టిరంగు, గోధుమ, ఆకుపచ్చ. ఈ సూత్రం తప్పు కాదు, కానీ సగమే. ఏ కుటుంబం రంగు వాడాలో సరుకు వర్గం చెబుతుంది. ఆ రంగు ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉండాలో మాత్రం ఎదురుగా ఉన్న వస్తువును చూసే తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల ఫొటోల్లో తరచూ కనిపించే లోపాల్లో చాలావరకు ఈ రెండో సగం వదిలేయడం వల్ల వచ్చేవే.

సమస్య 1: వస్తువు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతోంది

ఫోన్‌లో పెద్దగా చూస్తే బాగానే ఉంటుంది. లిస్టింగ్‌లో చిన్న బొమ్మ అయ్యేసరికి బెల్లం అచ్చు అంచు ఎక్కడో తెలియదు. నల్ల ఇయర్‌బడ్స్ డబ్బా ముదురు నీలంలో మాయమైపోతుంది.

కారణం: రంగు పేరు వేరైనా వెలుతురు స్థాయి ఒకటే కావడం. చిన్న సైజులో కన్ను ముందుగా పట్టుకునేది లేత-ముదురు తేడానే. ఫొటోలో పిక్సెల్ రంగును బూడిద విలువగా మారిస్తే ఈ తేడా అంకెల్లో దొరుకుతుంది:

```
Y = 0.299*R + 0.587*G + 0.114*B
```

ఇక్కడ R, G, B అంటే ఆ పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు, Y అంటే బూడిద విలువ. Y 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. బెల్లం రంగు కోడ్ ఫొటోలో `#A8763E`, అంటే R 168, G 118, B 62 అనుకోండి. దాని విలువ సుమారు 127. ఆర్గానిక్ అనగానే అందరూ పరిచే క్రాఫ్ట్ పేపర్ `#B08D5B` అయితే విలువ 146. తేడా 20 కూడా లేదు, పైగా రెండూ ఒకే గోధుమ కుటుంబం. ఇక బెల్లం కనపడమంటే ఎలా కనపడుతుంది? పసుపు పొడి `#D9A021` విలువ 163, కాబట్టి అదే కాగితం మీద దానికీ అదే గతి.

పరిష్కారం: కుటుంబాన్ని మార్చకుండా స్థాయిని మార్చండి. బెల్లానికి లేత మీగడ రంగు `#EFE6D8` తీసుకుంటే విలువ 231, అంటే తేడా వంద దాటింది. ముదురు కాఫీ గింజ రంగు `#3E2C23` అయినా 48 దగ్గర ఉంటుంది, తేడా దాదాపు 80. పసుపుకు మాత్రం మసకబారిన ఆకుపచ్చ `#5F6B52` మంచి ఎంపిక. విలువ 101, తేడా 60 పైనే, రంగు కూడా వేరు కావడంతో పసుపు ఇంకా వెలుగుతుంది. తేడా 60కి తగ్గకుండా చూసుకోవడం మా లెక్క. ఇదేమీ శాసనం కాదు, చిన్న బొమ్మలో అంచు నిలవడానికి పనికొచ్చే కొలత.

ఎలక్ట్రానిక్స్‌లోనూ ఇదే పని. నల్ల డబ్బా `#222222` విలువ 34, ముదురు నీలం `#1B2A41` విలువ 40. ఆ జోడీ ప్రీమియంగా ఉంటుందని పెడతారు గానీ డబ్బా ఆకారమే పోతుంది. నీలి బూడిద `#9FB0BF` (173) మీద అదే డబ్బా అంచులు స్పష్టంగా వస్తాయి. తెల్ల ఛార్జర్‌కు దీనికి ఉల్టా: లేత నీలం మీద కలిసిపోతుంది, `#7F94A6` (144) లాంటి మధ్యరకం మీద నిలుస్తుంది. నల్లదానికీ తెల్లదానికీ ఒకే షీటు చాలనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

లెక్క వద్దనుకుంటే స్నాప్‌సీడ్‌లో `Tune Image` తెరిచి `Saturation` ను -100 చేయండి. ఆ నలుపు-తెలుపు ఫొటోను బొటనవేలి గోరంత సైజులో చూడండి. అంచు కనిపించకపోతే షీటు మార్చాల్సిందే.

కొత్త షీటు కొనేముందు ఒకటి చేసి చూడండి. షీటును వెనక నిలబెట్టి తీస్తుంటే, వస్తువునూ లైటునూ దానికి దూరంగా ముందుకు జరపండి. షీటు మీద పడే వెలుతురు తగ్గి అదే రంగు ఫొటోలో ముదురుగా వస్తుంది. కోఠి, అబిడ్స్ స్టేషనరీ షాపుల్లో దొరికే మామూలు చార్టుతోనే రెండు మూడు స్థాయిలు రాబట్టొచ్చు. మెరిసే వినైల్ షీటు మాత్రం వద్దు, లైటు మచ్చ పడుతుంది.

సమస్య 2: వస్తువు అసలు రంగు మారిపోతోంది

నీలం షీటు మీద తెల్ల ఛార్జర్ ఒకసారి నీలంగా వస్తుంది, ఇంకోసారి పసుపుగా వస్తుంది. రెండూ ఒకే జబ్బు కాదు, కాబట్టి మందూ వేరే.

ఛార్జర్ కింది అంచు, పక్కలు మాత్రమే నీలంగా ఉండి పైభాగం తెల్లగా ఉంటే, షీటు మీద పడ్డ వెలుతురు తిరిగి వస్తువు మీద పడుతోందని అర్థం. వస్తువును వెనక షీటు నుంచి రెండు అడుగులైనా ముందుకు జరపండి. షీటు మీదే పడుకోబెట్టి తీయాల్సి వస్తే, ఫ్రేములోకి రాకుండా రెండు పక్కలా తెల్ల థర్మోకోల్ ముక్కలు నిలబెట్టండి. గాఢమైన నీలం బదులు బూడిద కలిసిన నీలం వాడితే సగం బాధ ముందే తీరుతుంది. మెరిసే నల్ల ప్లాస్టిక్ అయితే చుట్టూ ఉన్న రంగును అద్దంలా చూపిస్తుంది, దానికి థర్మోకోల్ తప్పనిసరి.

ఛార్జర్ అంతా, దాని నీడతో సహా, పసుపుగా ఉంటే తప్పు ఫోన్‌ది. ఫ్రేములో ఎక్కువ భాగం నీలమే ఉండటంతో ఆటో వైట్ బ్యాలెన్స్ వెలుతురే నీలంగా ఉందనుకుని, సరిచేయబోయి పసుపు కలుపుతుంది. గోధుమరంగు షీటు మీద ఇదే తిరగబడుతుంది: ఫోన్ నీలం కలుపుతుంది, పసుపు పొడి వెలవెలబోతుంది. కొన్నవాళ్లకు ఫొటోలో ఒక రంగు, పొట్లంలో ఇంకో రంగు కనిపించడానికి ఇదొక కారణం.

పరిష్కారం: కెమెరా ప్రో మోడ్‌లో `WB`, అంటే వైట్ బ్యాలెన్స్‌ను, చేత్తో పెట్టండి. పగటి వెలుతురు రకం ఎల్‌ఈడీకి 5000 నుంచి 5500 K మధ్య మొదలుపెట్టి, వస్తువు ఉన్నచోట తెల్ల కాగితం పెట్టి అది తెల్లగా వచ్చేదాకా జరపండి. ఆ అంకెను అలాగే ఉంచి మిగతావన్నీ తీయండి. గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేయండి. కిటికీ వెలుతురూ బల్బు వెలుతురూ కలిస్తే ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు వస్తాయి, వాటిని ఏ సెట్టింగూ కలపలేదు.

అన్నీ సరిచేసినా బెల్లం, మిరప్పొడి మట్టికొట్టుకుపోయినట్టు వస్తుంటే బల్బును అనుమానించండి. చవక ఎల్‌ఈడీల్లో ఎరుపు వెలుతురు తక్కువ. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె డబ్బా మీద 95 గానీ ఆ పైన గానీ ఉన్నది తీసుకోండి, లేదా ఎండ నేరుగా పడని కిటికీ పక్కన తీయండి.

సమస్య 3: ఒకే షీటు, ఫొటోకో రంగు

పొద్దున తీసినవి చల్లగా, సాయంత్రం తీసినవి వెచ్చగా ఉంటే కిటికీ వెలుతురు మారింది. ఒక వర్గం సరుకంతా ఒకే విడతలో, ఎక్స్‌పోజర్ కూడా లాక్ చేసి తీయండి. ఐఫోన్‌తో తీసి ఎడిట్ చేస్తే చివర `sRGB` అనే రంగు ప్రొఫైల్‌లో సేవ్ చేయండి. లేకపోతే కొన్ని స్క్రీన్ల మీద రంగులు మారి కనిపిస్తాయి.

సమస్య 4: మెయిన్ ఫొటో తిరస్కరణ

అమెజాన్‌లో మెయిన్ ఫొటోకు బ్యాక్‌గ్రౌండ్ శుద్ధ తెలుపు, అంటే `255, 255, 255` ఉండాలి. మీగడ రంగు, లేత బూడిద అక్కడ కుదరవు. చల్లని రంగులూ మట్టిరంగులూ రెండో ఫొటో నుంచి, ఇంకా మీ సొంత వెబ్‌సైటులో, ఇన్‌స్టాగ్రామ్‌లో వాడుకోండి. తెల్ల ఛార్జర్ ఆ తెలుపులో కలిసిపోతుందని భయపడక్కర్లేదు. దానికి రెండు పక్కలా, ఫ్రేము బయట, నల్ల చార్టు ముక్కలు నిలబెడితే అంచుల వెంట సన్నటి బూడిద గీత వచ్చి ఆకారం నిలబడుతుంది.